రెండు లెక్కలు.. రూ.49,806.80 తేడా!

అకౌంట్స్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూకు వెళ్తే చాలా చోట్ల రెండు ఎక్సెల్ షీట్లు చేతిలో పెడతారు. ఒకటి బ్యాంకు స్టేట్‌మెంట్, రెండోది కంపెనీ లెడ్జర్‌లోని బ్యాంకు ఖాతా. ‘ఈ రెండూ కలవడం లేదు, ఎందుకో చెప్పండి’ అంటారు. దీన్నే బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటారు. ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్లకు ఇది ‘బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక’గా గుర్తుంటుంది. బీఆర్‌ఎస్ అనగానే మనకు పార్టీ గుర్తొస్తుంది కానీ, అకౌంట్స్ సెక్షన్‌లో మాత్రం ఈ పట్టికే. ఇందులో అసలు పరీక్ష కూడికలు, తీసివేతల్లో ఉండదు. ఏ తేడా దానంతట అదే సర్దుకుంటుంది, దేనికి మనం ఎంట్రీ రాయాలి అనేది విడదీయడంలో ఉంటుంది. ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం.

ముందు లెక్క ఇదీ

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే ఒక హోల్‌సేల్ షాపు ఉందనుకోండి. మార్చి 31న షాపు లెడ్జర్ ప్రకారం బ్యాంకులో రూ.4,82,650 ఉండాలి. స్టేట్‌మెంట్‌లో మాత్రం రూ.5,32,456.80 ఉంది. తేడా రూ.49,806.80. ఫిబ్రవరి నెలాఖరుకు రెండు లెక్కలూ కలిశాయి, పాత పెండింగ్ ఏమీ లేదు. అంటే ఈ తేడా అంతా మార్చిలో పుట్టిందే.

షీట్లు తెరవగానే కొత్తవాళ్లను తికమక పెట్టేది డెబిట్, క్రెడిట్. షాపు పుస్తకంలో డబ్బు జమైతే బ్యాంకు ఖాతాకు డెబిట్. అదే సొమ్ము స్టేట్‌మెంట్‌లో క్రెడిట్. బ్యాంకులో ఉన్న డబ్బు షాపుకు ఆస్తి, బ్యాంకుకు అప్పు. ఒకే లావాదేవీని ఇద్దరూ చెరో వైపు నుంచి రాసుకుంటారు. అందుకే రెండు షీట్లలోనూ వచ్చిన డబ్బును ప్లస్‌గా, పోయిన డబ్బును మైనస్‌గా మార్చి ఒకే కాలమ్‌లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

వీలుకప్ ఎక్కడ తప్పుతుంది?

ఎక్కువమంది మొత్తాన్ని పట్టుకుని వీలుకప్ కొట్టేస్తారు. ఒకే మొత్తం రెండుసార్లు వస్తే అది రెండింటినీ ఎదుటి షీట్‌లోని ఒకే లైన్‌తో కలిపేస్తుంది. దాంతో ఎదుట నిజంగా లేని ఎంట్రీ కూడా ‘ఉంది’ అని కనిపిస్తుంది. దీనికి విరుగుడు, మొత్తం పక్కన అది ఎన్నోసారి వచ్చిందో కూడా చేర్చడం. మొత్తాలు సి కాలమ్‌లో ఉన్నాయనుకుంటే, రెండు షీట్లలోనూ డి కాలమ్‌లో ఈ ఫార్ములా రాయండి:

```
=C2&"|"&COUNTIF($C$2:C2,C2)
```

మొదటి రూ.25,000కు `25000|1`, రెండోదానికి `25000|2` అని వస్తుంది. తర్వాత బ్యాంకు షీట్‌లో:

```
=IF(COUNTIF(Books!$D:$D,D2)=0,"UNMATCHED","OK")
```

ఇలాంటిదే లెడ్జర్ షీట్‌లోనూ రాయాలి. ఒకవైపే వెతికితే సగం తేడాలే బయటపడతాయి. మొత్తాలు నంబర్లుగానే ఉన్నాయో లేదో కూడా ముందే చూసుకోండి. డౌన్‌లోడ్ చేసిన స్టేట్‌మెంట్లలో కొన్నిసార్లు అవి టెక్స్ట్‌గా, కామాలతో, చివర ఖాళీలతో వస్తాయి. అప్పుడు ఒక్కటీ కలవదు.

మన షాపు లెక్కలో ఇలా వెతికితే ఎనిమిది లైన్లు మిగిలాయి.

లెడ్జర్‌లో ఉండి బ్యాంకులో లేనివి:
- సప్లయర్‌కు 29న ఇచ్చిన చెక్కు: –64,000
- కస్టమర్ దగ్గర 31 సాయంత్రం తీసుకున్న చెక్కు: +38,500
- 28న కార్డు స్వైప్‌తో జరిగిన అమ్మకం: +12,000
- కరెంటు బిల్లు: –8,640

బ్యాంకులో ఉండి లెడ్జర్‌లో లేనివి:
- కస్టమర్ నుంచి నెఫ్ట్: +25,000
- 30న పడిన సెటిల్‌మెంట్: +11,716.80
- ఆన్‌లైన్ చెల్లింపు: –8,460
- బ్యాంకు చార్జీలు: –590

ఇక్కడ చిన్న పరీక్ష ఉంది. బ్యాంకు వైపు మిగిలినవి కూడితే 27,666.80. లెడ్జర్ వైపు మిగిలినవి కూడితే మైనస్ 22,140. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే సరిగ్గా 49,806.80 రావాలి, వచ్చింది. అంటే తేడాకు కారణమైన లైన్లన్నీ మన చేతిలో ఉన్నాయి. రాకపోతే ఇంకా ఏదో జారిపోయిందని అర్థం. కారణాల జోలికి వెళ్లకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

కలిసింది కానీ తప్పు

అయినా ఇప్పుడే ఊపిరి పీల్చుకోకండి. ఆ రూ.25,000 ఎవరిది? స్టేట్‌మెంట్‌లో రూ.25,000 నెఫ్ట్‌లు రెండున్నాయి. ఒకటి 4న, గుడివాడ కస్టమర్ నుంచి. ఇంకోటి 26న, ఏలూరు కస్టమర్ నుంచి. లెడ్జర్‌లో 26 నాటి ఏలూరు జమ ఒక్కటే రాశారు. మన ఫార్ములాకు పేర్లతో పనిలేదు. లెడ్జర్‌లో ఉన్న ఒక్కదాన్ని బ్యాంకులో ముందు కనిపించిన 4వ తేదీతో కలిపేసి, 26 నాటి ఏలూరు నెఫ్ట్‌ను అన్‌మ్యాచ్డ్‌గా చూపించింది.

దాన్ని నమ్మి ఎంట్రీ రాస్తే ఏలూరు ఖాతాలో రెండోసారి రూ.25,000 జమవుతుంది. బ్యాంకు నిల్వ చక్కగా కలుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ డబ్బు కట్టిన గుడివాడ కస్టమర్ పేరు మీద బాకీ అలాగే ఉంటుంది. ఆయనకు ఫోన్ చేసి ‘బాకీ ఎప్పుడు తీరుస్తారు?’ అని అడుగుతారు, సరుకు ఆపేస్తారు.

దీన్ని పట్టించేది తేదీ. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి 24 గంటలూ, అరగంటకో బ్యాచ్ చొప్పున నడుస్తోంది. లెడ్జర్‌కూ బ్యాంకుకూ మధ్య 22 రోజుల ఎడం ఉన్న నెఫ్ట్ జోడీ సరైన జోడీ కాదు. అందుకే మొత్తం కలిసిన వాటికి తేదీల ఎడం కూడా చూడాలి. ఎడం ఎక్కువగా ఉన్నవాటి యూటీఆర్ నంబరు రెండువైపులా పోల్చాలి. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది.

ఏది ఆగాలి? ఏది రాయాలి?

ఇప్పుడు మిగిలినవాటిని రెండు కుప్పలుగా వేద్దాం.

మొదటిది టైమింగ్ తేడాలు. సప్లయర్ తన చెక్కును ఇంకా బ్యాంకులో వేయలేదు. 31 సాయంత్రం తీసుకున్న చెక్కును మన షాపువాళ్లు ఏప్రిల్ మొదటి వారంలో గానీ వేయరు. షాపు లెడ్జర్ రెండు చోట్లా సరిగానే ఉంది, బ్యాంకు వెనకబడి ఉందంతే. వీటికి ఎంట్రీ రాయకూడదు. పట్టికలో చూపించి ఆగాలి.

రెండోది లెడ్జర్‌లో సరిచేయాల్సినవి. గుడివాడ కస్టమర్ రూ.25,000 జమ రాయాలి. చార్జీలు రూ.590లో 500 ఖర్చు, 90 జీఎస్టీ. ఈ రెండూ విడివిడిగా రాయాలి. షాపు ఇన్‌పుట్ క్రెడిట్‌కు అర్హమైతే ఆ 90 వెనక్కి వచ్చే సొమ్మే.

కార్డు అమ్మకం దగ్గర రెండు లైన్లూ ఒకే లావాదేవీ. రూ.12,000 మీద 2 శాతం అంటే 240, దానిపై 18 శాతం జీఎస్టీ 43.20 కోసుకుని మిగతా 11,716.80 బ్యాంకులో వేశారు. తగ్గిన 283.20ను లెడ్జర్‌లో రాయాలి. అమ్మకాన్ని మాత్రం 11,716.80కు తగ్గించకూడదు, బిల్లు పన్నెండు వేలకే ఇచ్చారు కదా.

కరెంటు బిల్లులో 8,460ని 8,640గా కొట్టేశారు. తేడా 180, అది 9తో భాగిస్తే నిశ్శేషంగా పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. అలాగని 9తో భాగించబడే ప్రతి తేడా ఇదే తప్పు కాదు, వెతకడానికి మొదటి చోటు మాత్రమే. బిల్లు చూసి నిర్ధారించుకోవాలి.

ఇక లెక్క: లెడ్జర్ 4,82,650కి 25,000 కలిపి, 590, 283.20 తీసేసి, 180 కలిపితే రూ.5,06,956.80. బ్యాంకు 5,32,456.80లో ఇంకా రాని 38,500 కలిపి, ఇంకా పోని 64,000 తీసేస్తే అదే రూ.5,06,956.80. రెండూ కలిశాయి. బ్యాలన్స్ షీట్‌లోకి వెళ్లేది ఈ అంకె.

దీని విలువ షాపు యజమానికి వెంటనే తెలుస్తుంది. మొబైల్ యాప్‌లో ఐదు లక్షల 32 వేలు కనిపించాయని ఆయన రూ.5,20,000కు చెక్కు రాసిచ్చారనుకోండి. సప్లయర్ తన 64,000 ముందు తీసుకుంటే, ఆ 38,500 వచ్చి చేరినా ఈ చెక్కు బౌన్సవుతుంది. చెక్ బౌన్స్ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు దాకా వెళ్లొచ్చు.

టైమింగ్ అనే ముసుగు

అనుభవం ఉన్న అకౌంటెంట్లు ఎక్కువ అనుమానంగా చూసేది మొదటి కుప్పనే. కారణం దొరకని ప్రతిదాన్నీ ‘టైమింగ్’ అని రాసి పక్కన పెట్టేయడం తేలిక. నిజమైన టైమింగ్ తేడాకు గడువుంటుంది. కార్డు సెటిల్‌మెంట్ అయితే ఒకటి రెండు పనిదినాలు. బ్యాంకులో వేసిన చెక్కుకు రోజులే తప్ప వారాలు పట్టవు. మనం ఇచ్చిన చెక్కు అవతలివాళ్లు వేసేదాకా ఆగాలి కానీ, దానికీ హద్దుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2012 ఏప్రిల్ నుంచి చెక్కు దానిపై ఉన్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. అది దాటితే ఆ రూ.64,000 ఎంట్రీని వెనక్కి తిప్పి, సప్లయర్‌కు బాకీగా మళ్లీ చూపించాలి.

రూ.38,500 చెక్కు ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో కూడా కనిపించకపోతే ఇంకా గట్టిగా అడగాలి. బ్యాంకులో వేశారా? డిపాజిట్ స్లిప్ ఏది? బౌన్సైందా? లేక ఎవరైనా దారి మళ్లించారా? అందుకే ఆడిటర్లు మార్చి పట్టిక చూసేటప్పుడు ఏప్రిల్ స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు. టాలీలో రీకన్సిలియేషన్ చేసినా ఇదే సూత్రం. ఎంట్రీ బ్యాంకులో పడిన తేదీనే బ్యాంక్ డేట్ కాలమ్‌లో వేయాలి. ఇంకా పడనివాటిని ఖాళీగా వదలాలి. నిల్వ కలపడం కోసం ఊహించిన తేదీ వేస్తే పట్టిక కలుస్తుంది, తప్పు మాత్రం దాని కిందే దాక్కుంటుంది.

టెస్టులో షీటు తిరిగి ఇచ్చేటప్పుడు మిగిలిన ప్రతి లైన్ పక్కన మూడు కాలమ్‌లు పెట్టండి: తేడాకు కారణం, దాన్ని రుజువు చేసే కాగితం, ఏ తేదీలోగా తేలాలి. రూ.38,500 పక్కన ‘టైమింగ్, డిపాజిట్ స్లిప్ చూడాలి, ఏప్రిల్ 10లోగా’ అని ఉంటే, ఆ తేదీ దాటిన రోజు ఎవరిని ఏమడగాలో మీ తర్వాత ఆ షీటు తెరిచేవాళ్లకు కూడా తెలుస్తుంది.