గిరక బరువు తగ్గిస్తుందా?

పాలకీడు చుట్టుపక్కల సర్కారు బడుల్లో సరళ యంత్రాల పాఠం వచ్చినప్పుడు సారు బావి గిరకను గుర్తుచేసి, ‘గిరక ఉంటే బరువు తేలికవుతుంది’ అంటారు. పిల్లలు రాసుకుంటారు. కానీ దూలానికి కట్టిన ఒక్క గిరక బలాన్ని ఏమాత్రం తగ్గించదు. పైకి లాగాల్సిన తాడును కిందికి లాగే వీలు మాత్రం కల్పిస్తుంది. పైగా రాపిడి వల్ల కాస్త ఎక్కువే లాగాలి. పాఠాన్ని ఈ చిక్కు చుట్టూ అల్లుకుంటే పిల్లలకు కొలిచి తేల్చుకునే పని దొరుకుతుంది.

మొదటి పీరియడు తులాదండానికి. 30 సెంటీమీటర్ల స్కేలు, ఆరు పలకల పెన్సిలు, ఒకే రకం రూపాయి బిళ్ళలు చాలు. గుండ్రటి పెన్సిలు దొర్లిపోతుంది. స్కేలును 15వ గీత దగ్గర పెన్సిలుపై ఆనించి, ఒక వైపు 5 సెంటీమీటర్ల దూరంలో నాలుగు బిళ్ళలు పేర్చి, రెండో వైపు రెండు బిళ్ళలను ఎక్కడ పెడితే సరితూగుతుందో ముందే ఊహించి రాయమనాలి. చాలామంది అదే 5 దగ్గర పెడతారు. పది దగ్గర పెట్టాక తూకం కుదురుతుంది: నాలుగైదులు ఇరవై, రెండు పదులు ఇరవై.

ఇక్కడ లెక్క చెడగొట్టేవి రెండున్నాయి. దూరాన్ని బిళ్ళ నడిమధ్యకు కొలవాలి. అంచుకు కొలిస్తే సెంటీమీటరుకు పైగా తేడా వస్తుంది, 5 సెంటీమీటర్ల మీద అది ఐదో వంతు. రెండోది పెద్ద పొరపాటు. పెన్సిలును పదో గీత దగ్గరికి జరిపితే స్కేలు సొంత బరువు ఆటలోకి దిగుతుంది. ఇరవై గ్రాముల స్కేలు మధ్యబిందువు ఆధారానికి 5 సెంటీమీటర్లు అవతల ఉంటుంది కాబట్టి, ఏ బిళ్ళలూ పెట్టకముందే అటు వాలుతుంది. దాన్ని నిలపడానికే సున్నా గీత దగ్గర పది గ్రాములు పెట్టాలి. అందుకని మొదటిరోజు పెన్సిలును కదపకుండా బిళ్ళలనే జరపాలి. చురుకైన పిల్లలుంటే మాత్రం ఇదే పద్ధతిలో స్కేలు బరువు కనుక్కోమని మర్నాడు అడగవచ్చు.

రెండో పీరియడు కప్పీది. దర్జీ దగ్గర దొరికే ఖాళీ దారపు రీలును ఇనుప ఊచకు గుచ్చి, ఊచను రెండు బెంచీల మీద ఆనిస్తే కప్పీ తయారు. స్ప్రింగు త్రాసును తలకిందులుగా పట్టుకుంటే దాని కొక్కెం బరువు రీడింగును తప్పిస్తుంది. కాబట్టి బలాన్ని నీళ్ళతోనే కొలుద్దాం. ఒక కొసకు 600 గ్రాముల బరువుండేలా నీళ్ళు పోసిన సీసా కట్టాలి. రెండో కొసకు లీటరు సీసా కట్టి, బరువు పైకి లేచేదాకా మెల్లగా నీళ్ళు పోయాలి. లేవగానే సీసాను విప్పి, మధ్యాహ్న భోజనం వంటగది త్రాసు మీద తూచాలి. మళ్ళీ కట్టి, ఈసారి బరువు దిగడం మొదలయ్యేదాకా నీళ్ళు తీస్తూ పోయి తిరిగి తూచాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. లేచేటప్పుడు 670 గ్రాములు, దిగేటప్పుడు 535 వచ్చాయనుకుందాం. మొదటి అంకె ఒక్కటే చూస్తే గిరక బరువును పెంచిందని పిల్లలు అంటారు, అది చూసినదాన్ని బట్టి న్యాయమైన మాటే. ఎక్కేటప్పుడు రాపిడి మనకు ఎదురు నిలుస్తుంది, దిగేటప్పుడు మన వైపు చేరుతుంది. ఆ రెంటికీ నడుమ సుమారు 600 ఉంటుంది, అంటే అసలు బరువే. ఊచకు ఓ చుక్క నూనె రాస్తే రెండు అంకెలూ దగ్గరపడాలి. పడలేదంటే దారం రీలు అంచుకు రాసుకుంటోందని అర్థం.

ఇప్పుడు రెండో రీలును బరువుకు తగిలించి, దారం ఒక కొసను పైన ఊచకు కట్టి, రీలు కింద నుంచి తిప్పి, పై కప్పీ మీదుగా దించాలి. రీలుతో కలిపి బరువు మళ్ళీ 600 ఉండాలి. అదే రాపిడితో సుమారు 355, 255 వస్తాయి, నడుమ 305. సగం! బరువును రెండు పోగులు పంచుకున్నాయి.

అయినా నాకు నమ్మకమైన కొలత వేరే ఉంది. రీలును 20 సెంటీమీటర్లు లేపడానికి దారాన్ని ఎంత లాగామో స్కేలుతో చూడండి, 40 వస్తుంది. దారం సాగకపోతే రాపిడి ఈ అంకెను ముట్టుకోలేదు. బలం తగ్గినంత దూరం పెరగాలని ఇక్కడే తేలుతుంది. 600 గ్రాములను 20 సెంటీమీటర్లు లేపితే లబ్ధం 12,000. మనం 355 గ్రాముల బలంతో 40 సెంటీమీటర్లు లాగాం కాబట్టి 14,200 ఖర్చయింది. మిగిలిన 2,200 రీలును, ఊచను వేడెక్కించింది, చేతికి తెలిసేంత కాకపోయినా.

సమయం మిగిలితే బడి ఆవరణలోని బోరింగు దగ్గరకు తీసుకెళ్ళండి. ఇండియా మార్క్ 2 పంపు అయితే పిడి నిష్పత్తి ఎనిమిదికి ఒకటి. పిడి కొసన ఒకసారి, ఇరుసు దగ్గర ఒకసారి నొక్కించి, చెయ్యి ఎంత దూరం కదిలిందో, లోపలి కడ్డీ ఎంత కదిలిందో కొలిపించండి.