గోడ ఒకరిది, కొట్టు ఇంకొకరిది

రోడ్డు వెడల్పు పని మొదలైందని ఊరికి తెలిసేది గోడల మీది ఎర్ర గీతలతోనే. టౌన్ ప్లానింగ్ సిబ్బంది టేపు పట్టి కొలిచి, ఎంతవరకు కూల్చాలో గుర్తు పెట్టి వెళ్తారు. గీత ఎవరి గోడ మీద పడితే వాళ్ల పేరు ఆఫీసు జాబితాకు ఎక్కుతుంది. ఆ గోడ లోపల అద్దెకున్నవాడి పేరు ఎక్కదు.

ఒక పనిలో ఎవరి మాట ముందు వినాలో అధికారులు ఎలా తేల్చుకుంటారన్న దానిమీద రొనాల్డ్ మిచెల్, బ్రాడ్లీ ఏగల్, డోనా వుడ్ 1997లో ఒక నమూనా ప్రతిపాదించారు. అందులో ప్రశ్నలు మూడే. పనిని ఆపగల బలం ఉందా? అడిగేది న్యాయమేనా? ఆలస్యమైతే నష్టపోతారా? మూడింటికీ అవునని జవాబొస్తే వాళ్లను పక్కన పెట్టడం కుదరదు. ఏ ఒక్కటో ఉన్నవాళ్ల మీద చూపు అంతగా ఆగదు. చిక్కంతా రెండున్నవాళ్లతోనే.

ఒక పట్టణంలో 40 అడుగుల బజారు రోడ్డును 60 అడుగులు చేస్తున్నారనుకుందాం. స్టేక్‌హోల్డర్ రిజిస్టర్‌లో మొదటి పేరు భవన యజమానిది. స్థలం ఆయనది, నోటీసు గడువు నడుస్తోంది, కోర్టుకెళ్లి స్టే తేగలడు. మూడూ ఉన్నాయి కాబట్టి కమిషనరే పిలిచి టీడీఆర్ బాండు, అంటే మరోచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు, గురించి మాట్లాడతారు.

విద్యుత్ సంస్థకు బలం ఉంది, న్యాయం ఉంది, తొందర మాత్రం లేదు. ఈ వరుసలో 'స్తంభాలు మార్చే అంచనా ఎప్పుడిస్తారు, ఎవరు వెంటపడాలి' అని రాయకపోతే ఏమవుతుందో మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. కొత్త తారు రోడ్డు మధ్యలో పాత కరెంటు స్తంభం నిలబడి ఉంటుంది.

అదే భవనంలో అద్దెకున్న చెప్పుల కొట్టతనికి న్యాయం, తొందర రెండూ ఉన్నాయి, బలం లేదు. పండగ బేరం పోతుంది, అడ్వాన్సు ఎవరిస్తారో తెలియదు. భూసేకరణ చట్టం 2013 ప్రకారం మూడేళ్లుగా అక్కడే పని చేస్తూ దానిమీదే ప్రధానంగా బతికే అద్దెదారు కూడా బాధితుడే. కానీ టీడీఆర్ ఒప్పందం యజమానితో జరిగేది. అందుకే ఇతని వరుసలో 'యజమానిని అడగాలి' అని రాస్తే చాలదు. కొట్టు ఎప్పుడు ఖాళీ చేయాలి, అడ్వాన్సు సంగతి ఎవరు తేలుస్తారు, ఎవరు వెళ్లి మాట్లాడతారు అన్నవి పేరు, తేదీతో సహా ఉండాలి.

రిజిస్టర్ ఒకసారి రాసి బీరువాలో పెట్టేది కాదు. తోపుడు బండ్లవాళ్లు నిన్నటివరకు చెప్పుల కొట్టతనిలాంటివాళ్లే. వార్డు కౌన్సిలర్ వాళ్ల పక్షాన నిలిచిన రోజు నుంచి వాళ్లకూ బలం వచ్చినట్టే. ఆ మార్పు అదే వారం రిజిస్టర్‌లో పడకపోతే, జేసీబీ ముందు బైఠాయించాక గాని ఆఫీసుకు తెలియదు. వీళ్లకు చట్టం ఇచ్చిన దారి కూడా ఒకటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి.

మీ వీధిలో ఎర్ర గీతలు పడితే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, జాబితాలో అద్దెదారుల పేర్లు ఉన్నాయా అని అడగండి. లేకపోతే మీ వివరాలు కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.