ఒకే టెంపో, రెండు ఊళ్లు: కిరాయి పంచుకునే లెక్క

హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో పక్కపక్క వాటాల్లో ఉంటున్న ఇద్దరు మిత్రులు ఒకేసారి ఇళ్లు ఖాళీ చేస్తున్నారనుకుందాం. ఒకరు సూర్యాపేటకు, ఇంకొకరు విజయవాడకు. దారి ఒకటే కాబట్టి ఇద్దరూ కలిసి ఒక టెంపో మాట్లాడుకున్నారు. తిరుగు ప్రయాణంతో కలిపి కిరాయి 9,000 రూపాయలు. టోలు, హమాలీ వేరే.

విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు సగం దారి. మరి ఎవరి వంతు ఎంత?

"నేను సగంలోనే దిగిపోతాను కదరా, నీతో సమానంగా ఎలా ఇస్తాను?" అన్నాడు సూర్యాపేట మిత్రుడు. "నీ సామాను నాకు రెండింతలు ఉంది కదా!" అన్నాడు రెండోవాడు. ఇద్దరి మాటా నిజమే.

ముందు సామాను కొలవాలి. ఇంటి సామానుకు బరువు కన్నా అది ఆక్రమించే చోటే ముఖ్యం. మంచం, బీరువా, పరుపులతో బరువు మించకముందే బండి నిండిపోతుంది. చివర దిగే విజయవాడ సామాను ముందుగా, క్యాబిన్ వైపు ఎక్కించాలి. అది సర్దాక టేపు పెట్టి చూస్తే 12 అడుగుల తొట్టిలో 4 అడుగులు పట్టింది. మిగతా 8 అడుగులూ సూర్యాపేట సామానుతో అదే ఎత్తున నిండాయి.

చాలామంది ఇక్కడ సామానును దూరంతో గుణించేస్తారు. రెండు వంతుల సామాను సగం దూరం, ఒక వంతు సామాను పూర్తి దూరం, రెండూ సమానమే. అంటే చెరో 4,500. లెక్క ముచ్చటగా కనిపిస్తుంది కానీ న్యాయం కాదు. సూర్యాపేట దాటాక టెంపోలో మూడింట రెండు వంతులు ఖాళీ. ఆ ఖాళీ చోటుకూ, అప్పటికే దిగిపోయినవాడి చేత డబ్బు కట్టిస్తున్నాం.

సరైన దారి ప్రయాణాన్ని రెండు ముక్కలు చేయడం. సూర్యాపేట దాకా కిరాయి 4,500. దాన్ని సామాను ప్రకారం పంచితే 3,000, 1,500. అక్కడి నుంచి బండి ఒక్కరి కోసమే నడుస్తుంది కాబట్టి మిగిలిన 4,500 విజయవాడ మిత్రుడిదే. మొత్తం మీద ఒకరు 3,000, ఇంకొకరు 6,000. ఎవరికి వారు విడిగా బండి అడిగి చూస్తే సూర్యాపేటకు 5,500, విజయవాడకు చిన్న బండి 7,000 చెప్పారు. ఇద్దరికీ మిగిలింది కాబట్టి పంపకం నిలుస్తుంది. ఎవరి వాటా అయినా విడి కిరాయిని మించితే పొత్తు వద్దు.

టోలుకూ ఇదే పద్ధతి. పంతంగి, కొర్లపహాడ్ టోళ్లు సూర్యాపేటకు ముందే వస్తాయి, అవి ఇద్దరివీ. జగ్గయ్యపేట దగ్గరి చిల్లకల్లు టోలు విజయవాడ మిత్రుడిదే. దించే హమాలీ కూలి ఎవరిది వారిదే. హైవే దిగి లోపలి ఊరికి తిప్పితే ఆ అదనపు డబ్బు తిప్పించుకున్నవారే ఇవ్వాలి.

ఈ లెక్కంతా సామాను ఎక్కించాకే తేలుతుంది. కానీ పంచే పద్ధతిని మాత్రం బండికి అడ్వాన్సు ఇవ్వకముందే ఇద్దరూ కాగితం మీద రాసుకోండి.