గళ్ల నుడికట్టు నింపే తీరు

గళ్ల నుడికట్టులో ఖాళీ గళ్లు ఉంటాయి. పక్కన ఆధారాలు ఉంటాయి. ఆధారం అంటే మాటకు అర్థం చెప్పే వాక్యం. ఎడమ నుంచి కుడికి రాసే మాట 'అడ్డం'. పై నుంచి కిందికి రాసే మాట 'నిలువు'. ఆధారం చివర ఉన్న అంకె, ఆ మాటకు ఎన్ని అక్షరాలో చెబుతుంది.

ఒక గడిలో ఒక అక్షరమే రాయాలి. గుణింతం, ఒత్తు, సున్న ఆ అక్షరంతోనే ఉంటాయి. వాటికి వేరే గడి లేదు. 'పుస్తకం' మూడు గళ్ల మాట: పు, స్త, కం.

ఈ చిన్న నుడికట్టు చూడండి. నల్ల గడిలో ఏమీ రాయకూడదు.

1 □ 2
□ ■ □
3 □ □

అడ్డం
1. దుక్కి దున్నే పనిముట్టు (3)
3. ఇంట్లోకి పోయేటప్పుడు దాటేది (3)

నిలువు
1. పెరుగు చిలికి వెన్న తీస్తే మిగిలేది (3)
2. దూలాలకు, తలుపులకు పనికొచ్చే చెట్టు మాను (3)

అడ్డం 1 చదవగానే చాలామందికి 'నాగలి' తోస్తుంది. మూడు అక్షరాలే. కానీ కొందరు 'అరక' అంటారు. రాయలసీమలో 'మడక' అంటారు. ఇవీ మూడేసి అక్షరాలే. ఏది రాయాలి? ఇప్పుడే రాయకండి. ముందు నిలువు 1 చూడండి.

వెన్న తీస్తే మిగిలేది చల్ల. మజ్జిగ అని కూడా అంటాం. 'చల్ల'కు రెండు గళ్లు చాలు: చ, ల్ల. ఇక్కడ మూడు గళ్లున్నాయి. కాబట్టి మాట 'మజ్జిగ'. మ, జ్జి, గ అని కిందికి రాయండి.

అడ్డం 1, నిలువు 1 ఒకే గడిలో మొదలవుతాయి. ఆ గడిలో ఇప్పుడు 'మ' ఉంది. 'నా' కుదరదు, 'అ' కుదరదు. కాబట్టి 'మడక'. నాగలి తప్పు మాట కాదు. ఈ గళ్లలో పట్టదు, అంతే.

మడకలోని 'క'తో నిలువు 2 మొదలవుతుంది. 'కొయ్య' రెండు అక్షరాలే. 'కలప' మూడు. అది సరిపోతుంది.

ఇక అడ్డం 3. మజ్జిగ నుంచి మొదట 'గ' వచ్చింది. కలప నుంచి చివర 'ప' వచ్చింది. నడుమ అక్షరమే కావాలి. 'గుమ్మం' అనుకుంటే రెండే గళ్లు. ఇంట్లోకి పోతూ దాటేది 'గడప'.

మ డ క
జ్జి ■ ల
గ డ ప

ఒక జాగ్రత్త. మూల గళ్లలో రెండేసి మాటలు కలుస్తాయి. అక్కడ తప్పు రాస్తే రెండో మాట కుదరదు, వెంటనే తెలిసిపోతుంది. నడుమ గళ్లు అలా కాదు. ఒత్తు మరచి 'మజిగ' అని రాసినా మూడు గళ్లూ నిండుతాయి. తప్పు బయటపడదు. అందుకే నింపిన ప్రతి మాటనూ పైకి చదవాలి. నోటితో పలికే మాటా, గళ్లలో రాసిన మాటా ఒకటేనా అని చూసుకోవాలి.