మనిషి వెనక టైటిల్: 59 ఫ్రేముల పని

రీల్స్‌లో చూసే ఉంటారు. మనిషి నడుస్తుంటాడు, పెద్ద అక్షరాలతో టైటిల్ అతని వెనక నుంచి కనిపిస్తుంది. నిజానికి అక్షరాలు వెనక్కేమీ వెళ్లవు. కింద వీడియో, దాని మీద టైటిల్, ఆ టైటిల్ మీద మళ్లీ అదే వీడియో పెడతాం. పైనున్న వీడియోలో మనిషిని మాత్రం ఉంచి మిగతాదంతా కత్తిరించేస్తాం. ఫ్రేము ఫ్రేముకీ అలా గీత గీసి కత్తిరించడాన్నే రోటోస్కోపింగ్ అంటారు. 1915లో మ్యాక్స్ ఫ్లైషర్ దీనికి పేటెంటు దరఖాస్తు చేసింది కార్టూన్ల కోసం. సినిమా ఫ్రేముల్ని గాజు పలక మీద పడేసి మనిషి ఆకారాన్ని గీసుకునేవాళ్లు. ఇప్పుడు గాజు పలక లేదు గానీ పని అదే.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మేం తీసిన చిన్న డాక్యుమెంటరీకి ఈ షాట్ కావాల్సొచ్చింది. బారువ దగ్గర ఒక పెద్దాయన కొబ్బరితోట దాటి సముద్రం వైపు నడుస్తారు, వెనక 'ఉద్దానం' అని పడాలి. ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. ఎండలో ఇంకోసారి నడవమని అడగలేం. అంటే ఉన్నది ఒక్క టేకే, దాన్నే సరిగ్గా కత్తిరించాలి.

ఫోన్ స్టాండు మీదే ఉంది కాబట్టి సగం కష్టం తప్పింది. ఫోన్ చేతిలో పట్టుకుని తీసుంటే, ఊగే వీడియోతో పాటు టైటిల్‌ని కూడా కదపాల్సొచ్చేది. ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్‌లో ఫ్యూజన్ పేజీ తెరిచి ఇలా కలిపాను:

```
MediaIn1 + Text1 → Merge1
Merge1 + MediaIn1 → Merge2 (mask: Polygon1)
```

ఇక్కడ ఒక సంగతి పట్టుకుంటే పని బాగా తగ్గిపోతుంది. మనిషిని మొత్తం కత్తిరించక్కర్లేదు. కింద ఉన్నదీ పైన ఉన్నదీ ఒకటే వీడియో కదా, అక్షరం లేని చోట గీత ఎంత వంకరగా ఉన్నా కనిపించదు. మా టైటిల్ ఛాతీ ఎత్తులో ఉంది, అంటే కాళ్ల జోలికి పోనక్కర్లేదు. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన టైటిల్ 4 సెకన్లు, మొత్తం 100 ఫ్రేములు. ఆయన అక్షరాలకి అడ్డొచ్చేది 20వ ఫ్రేము నుంచి 78 దాకా. మిగిలింది 59 ఫ్రేములే.

అవి కూడా అన్నీ గీయం. 20లో ఒకటి, 78లో ఒకటి గీసి, మధ్యలో 49 దగ్గర సరిచేస్తాం. ఆ మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేరే నింపుకుంటుంది. ఎక్కడ గీత జారితే అక్కడ మళ్లీ సగంలో ఇంకోటి. చెయ్యి సంగతి వేరు, దానికి ఇంకో Polygon పెట్టాలి. ఊగే చెయ్యి ముందుకి పూర్తిగా వెళ్లినప్పుడు ఒకటి, వెనక్కి పూర్తిగా వచ్చినప్పుడు ఒకటి. ఆయన నడక నెమ్మది కాబట్టి ఇది సుమారు 15 ఫ్రేములకోసారి వచ్చింది. భుజం మీద తువ్వాలు సముద్రపు గాలికి ఎగురుతోంది, దానికి మూడో Polygon. మొత్తాన్నీ ఒకే ఆకారంగా గీస్తే, చెయ్యి కదిలిన ప్రతిసారీ భుజం గీత కూడా చెడిపోతుంది.

ఇంకో నియమం ఉంది. భుజం మూల మీద పెట్టిన చుక్క చివరి దాకా ఆ మూల మీదే ఉండాలి. చుక్కలు అటూ ఇటూ జారితే, ఆపి చూసినప్పుడు బాగానే ఉంటుంది, ప్లే చేస్తే మాత్రం అంచు మీద చీమలు పాకినట్టు కదులుతుంది. అందుకే తప్పుల్ని ఎప్పుడూ ప్లే చేసి, అదీ మామూలు వేగంతోనే పట్టుకోవాలి. వేగంగా ఊగిన అరచెయ్యి వీడియోలోనే మసగ్గా ఉంటుంది, దాని Polygonకి మాత్రం Soft Edge కాస్త పెంచాలి. ఛాతీకి అంతే పెంచితే మనిషి చుట్టూ పొగ పట్టినట్టు ఉంటుంది.

మొదట టైటిల్ ముదురు ఎరుపులో పెట్టి చూశాం. తల చుట్టూ సన్నటి తెల్ల గీత తేలింది. జుట్టు అంచు పిక్సెళ్లలో వెనకున్న ఆకాశం వెలుగు కలిసి ఉంటుంది మరి. గీతని ఒకట్రెండు పిక్సెళ్లు లోపలికి లాగితే కొంత పోయింది గానీ, జుట్టు కూడా కొంచెం కోసినట్టైంది. టైటిల్ తెలుపు చేశాక ఆకాశం అంచు అక్షరంలో కలిసిపోయి, గీత మాయమైంది. తిత్లీ తుఫాను (2018 అక్టోబరు 11) తర్వాత నాటిన చెట్లు ఇంకా పొట్టిగానే ఉండి, వెనక అంతా ఖాళీ ఆకాశమే అవ్వడం కూడా కలిసొచ్చింది.

ఇంగ్లిషు ట్యుటోరియల్స్ ఎన్ని చూసినా దొరకని సమస్య ఒకటుంది. మన వత్తులు కింద ఉంటాయి. ఆయన నడుం దగ్గర 'ద్ద' కింది వత్తు దాగిపోతే 'ఉదానం' అని చదువుకుంటారు. అందుకే ఆయన ఇంకా పక్కనే ఉండగా, అంటే 20వ ఫ్రేము కన్నా ముందే, పదం మొత్తం తెర మీద ఉండేలా చూశాను. ఆయన దాటిపోయాక మళ్లీ 22 ఫ్రేములు పూర్తిగా కనిపిస్తుంది. ఒక్కో ఫ్రేములో వత్తు దాగినా, అప్పటికే చదివేసి ఉంటారు.

మూడు సాయంత్రాలు పట్టింది. ఫోన్లో చూపిస్తే ఆయన రెండోసారి పెట్టించుకుని చూశారు.

"ఏటి బాబూ, నా ఎనకాల ఊరి పేరు ఎలా ఎట్టీసినారు?"

"గీతలు గీసి కోశాం తాతా."

"మరి తువ్వాలేటి, మూల తెగిపోనాది?"

నిజమే, 61వ ఫ్రేములో తువ్వాలు కొస తెగి ఉంది. అక్కడ ఇంకో కీఫ్రేము పెట్టాను.