అంకణా కలిసింది, లెక్క కలిసిందా?

అకౌంటెన్సీ పరీక్షకు లెక్క తయారు చేయడానికి రెండు దారులున్నాయి. తోచిన ఖాతాలకు తోచిన అంకెలు వేసుకుంటూ పోయి, చివర్లో డెబిట్‌కూ క్రెడిట్‌కూ మధ్య మిగిలిన తేడాను మూలధనంలో పెట్టేయడం మొదటి దారి. ముందు వ్యాపారం నడిపి, చిట్టా రాసి, ఆవర్జాలోకి ఎక్కించి, అంకణా దానంతట అదే తేలేదాకా ఆగడం రెండోది. మొదటి దారిలో పది నిమిషాల్లో పేపరు తయారవుతుంది. కానీ జవాబు రాసే పిల్లవాడు ఏదో ఒకచోట ఇరుక్కుంటాడు. తప్పు తనదో ప్రశ్నదో తేల్చుకోలేక సగం పరీక్ష అక్కడే పోగొట్టుకుంటాడు.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయిన జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కూడా ఉన్నాయి. ఇక్కడ ఇంటర్ సీఈసీ చెప్పే కళాశాలల్లోనూ, కాకతీయ విశ్వవిద్యాలయం కింద బీకాం నడిపే కళాశాలల్లోనూ స్లిప్ టెస్టులకు, ప్రీ ఫైనల్‌కు ప్రశ్నలు తయారు చేసుకునేది ఎక్కువగా అక్కడి లెక్చరర్లే. పాఠ్యపుస్తకంలోని లెక్కలకు జవాబులు గైడ్లలో దొరుకుతాయి కాబట్టి కొత్త లెక్క కావాలి. పాత లెక్కలో పేర్లు మార్చి, నాలుగు అంకెలు తిప్పితే సరిపోతుందనుకుంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. ఎందుకో చూడాలంటే ఒక లెక్కను మొదటి నుంచీ కట్టాలి.

జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. జనగామలో ఒకాయన పెంబర్తి ఇత్తడి దీపపు సెమ్మెలు అమ్మే కొట్టు ఏప్రిల్‌లో తెరిచాడనుకుందాం. సరుకు ఒకటే రకం, కొన్న ధర ఒకటే, అమ్మే ధర ఒకటే. ఈ నిబంధన పెట్టుకుంటే ఎన్ని సెమ్మెలు వచ్చాయో, ఎన్ని పోయాయో లెక్కపెట్టగలం. ఆ అవసరం తరవాత వస్తుంది. ఈ స్థాయి ప్రశ్నల్లో జీఎస్టీని పక్కన పెట్టడం మామూలే కనుక దాన్ని వదిలేద్దాం.

ఒకటో తారీఖున ఆయన 50,000 రూపాయల నగదుతో వ్యాపారం మొదలుపెట్టాడు. 3న పెంబర్తి తయారీదారు దగ్గర 100 సెమ్మెలు అరువుకు కొన్నాడు. జాబితా ధర ఒక్కోటి 500, వర్తకపు డిస్కౌంట్ 20 శాతం. 6న 12,000కు ఫర్నిచర్ నగదుకు కొన్నాడు. 10న మహబూబాబాద్ వర్తకుడికి 40 సెమ్మెలు 600 చొప్పున అరువుకు అమ్మాడు. 14న ఆ వర్తకుడు 5 వాపసు చేశాడు. 18న 20,500 నగదు ఇచ్చి, 500 డిస్కౌంట్ పొంది, ఖాతా పూర్తిగా పరిష్కరించుకున్నాడు. 20న కొట్టు యజమాని పెంబర్తి తయారీదారుకు 25,000 చెల్లించాడు. 22న భూపాలపల్లి వర్తకుడికి 30 సెమ్మెలు అరువుకు, 25న కొట్లోనే 15 నగదుకు అమ్మాడు. 30న అద్దె 4,000 కట్టి, సొంతానికి 3,000 వాడుకున్నాడు.

దీన్ని ఎక్సెల్ షీటులో ఎక్కించేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తే సగం బెడద తప్పుతుంది. ఒక్కో వరుసలో నాలుగే గడులు పెట్టాలి: తేదీ, డెబిట్ ఖాతా, క్రెడిట్ ఖాతా, మొత్తం. మొత్తాన్ని ఒక్కసారే రాస్తాం, అదే అంకె రెండు ఖాతాలకూ వెళ్తుంది. కాబట్టి డెబిట్, క్రెడిట్ తేడా రావడానికి చోటే ఉండదు. 18వ తారీఖు పద్దులాంటి సంయుక్త పద్దును రెండు వరుసలుగా విడగొట్టాలి. నగదు డెబిట్, మహబూబాబాద్ క్రెడిట్ 20,500 ఒక వరుస. డిస్కౌంట్ డెబిట్, మహబూబాబాద్ క్రెడిట్ 500 ఇంకో వరుస. ఆ తరవాత ఏ ఖాతా నిల్వ కావాలన్నా ఒక్క సూత్రం చాలు:

```
=SUMIF(B:B,"నగదు",D:D)-SUMIF(C:C,"నగదు",D:D)
```

ఇక్కడ జవాబు 35,500 వస్తుంది. చేత్తో సరిచూస్తే నగదు ఖాతా డెబిట్ వైపు 79,500, క్రెడిట్ వైపు 44,000, తేడా అదే. అన్ని ఖాతాల నిల్వలూ తీస్తే అంకణా ఇలా నిలుస్తుంది.

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| నగదు | 35,500 | |
| కొనుగోళ్లు | 40,000 | |
| ఫర్నిచర్ | 12,000 | |
| అమ్మకాల వాపసులు | 3,000 | |
| డిస్కౌంట్ | 500 | |
| భూపాలపల్లి వర్తకుడు | 18,000 | |
| అద్దె | 4,000 | |
| సొంతవాడకాలు | 3,000 | |
| మూలధనం | | 50,000 |
| అమ్మకాలు | | 51,000 |
| పెంబర్తి తయారీదారు | | 15,000 |
| మొత్తం | 1,16,000 | 1,16,000 |

రెండు వైపులా 1,16,000 కలిసింది. చాలామంది ఇక్కడితో పేపరు ముద్రణకు పంపిస్తారు. అసలు పరీక్ష ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే అంకణా కలవడం చాలా తక్కువ సంగతినే చెబుతుంది. ప్రతి పద్దుకూ రెండు కాళ్లున్నాయని మాత్రమే చెబుతుంది. ఆ పద్దు ఆ రోజున జరగగలిగేదేనా అన్నది దానికి తెలియదు.

మొదట చూడాల్సింది నగదు. పెంబర్తి బాకీ మొత్తం 40,000నూ 8వ తారీఖునే తీర్చేశాడని మార్చి చూడండి. 50,000లో ఫర్నిచర్‌కు 12,000 పోగా గల్లాలో ఉన్నది 38,000. అందులోంచి 40,000 ఎలా ఇస్తాడు? బ్యాంకు ఖాతా, ఓవర్‌డ్రాఫ్ట్ ఈ లెక్కలో లేవు. కానీ నెలాఖరుకు నగదు 20,500 నిల్వ చూపిస్తుంది, అంకణా 1,01,000 దగ్గర చక్కగా కలుస్తుంది. నెలాఖరు నిల్వ ఒక్కటే చూస్తే ఈ తప్పు ఎన్నటికీ దొరకదు. అందుకే నగదు నిల్వను ప్రతి పద్దు తరవాతా పక్క గడిలో తేల్చుకుంటూ రావాలి. ఎక్కడ మైనస్ కనిపిస్తే అక్కడ తేదీ గానీ మొత్తం గానీ మార్చాలి.

రెండోది సెమ్మెల సంఖ్య. వచ్చినవి 100, పోయినవి 40, తిరిగి వచ్చినవి 5, మళ్లీ పోయినవి 30, 15. మిగిలినవి 20. ఒక్కోటి 400 చొప్పున ముగింపు సరుకు 8,000. ప్రశ్న కింద సర్దుబాట్లలో ఈ అంకె తప్ప ఇంకోటి రాయడానికి వీల్లేదు. గుండ్రంగా ఉందని 20,000 అని రాస్తే స్థూల లాభం 28,000 వస్తుంది. కానీ నికరంగా అమ్మినవి 80, ఒక్కోదాని మీద లాభం 200, కాబట్టి 16,000కు మించి రావడం అసాధ్యం. ఆస్తి అప్పుల పట్టీ ఈ తప్పుడు అంకెతోనూ కలుస్తుంది, ఎందుకంటే ముగింపు సరుకు లాభంలోకీ ఆస్తుల్లోకీ ఒకే మొత్తంతో వెళ్తుంది. తెలివైన విద్యార్థి మాత్రం సెమ్మెలు లెక్కపెట్టుకుని, ఏది నమ్మాలో తెలియక ఆగిపోతాడు.

మూడోది, అంకెలు తిప్పినప్పుడు వచ్చే బెడద. రెండో సెట్టు పేపరుకని వాపసు 5 బదులు 6 చేశామనుకుందాం. అమ్మకాల వాపసులు 3,600 అవుతాయి. మహబూబాబాద్ వర్తకుడి బాకీ 20,400కు తగ్గింది. అయినా 18వ తారీఖు పద్దులో పాత 20,500, 500 అలాగే ఉండిపోతే ఆయన 21,000 కింద పరిష్కరించుకున్నట్టు అవుతుంది. పూర్తిగా పరిష్కారమైన ఖాతాలో 600 క్రెడిట్ నిల్వ మిగులుతుంది. అంకణా మాత్రం 1,16,600 దగ్గర నిక్షేపంగా కలుస్తుంది. ముగింపు సరుకు కూడా 8,400కు మారాలి. ఒక్క అంకె కదిలితే మూడు చోట్ల దాని జాడ ఉంటుంది. అందుకే షీటులో 20,500 అని అంకె కొట్టకూడదు. బాకీలోంచి డిస్కౌంట్ తీసేస్తే వచ్చేదిగా సూత్రం రాయాలి. కొనుగోలు, అమ్మకం మొత్తాలను కూడా సంఖ్య ఇంటూ ధరగానే పెట్టాలి.

ఇవన్నీ నిలిచాక ముగింపు లెక్కలదాకా ప్రశ్న రాసేవారే వెళ్లి చూసుకోవాలి. ఫర్నిచర్‌పై ఏడాదికి 10 శాతం తరుగుదల అంటే ఒక నెలకు 100. మొదటే 12,000 అని పెట్టుకున్నది ఇందుకే. 11,500 పెట్టుంటే 95.83 వచ్చి, పిల్లల సమయమంతా పైసల్లో పోయేది. స్థూల లాభం 16,000లోంచి అద్దె 4,000, డిస్కౌంట్ 500, తరుగుదల 100 తీస్తే నికర లాభం 11,400. మూలధనానికి అది కలిపి సొంతవాడకాలు తీస్తే 58,400, తయారీదారు బాకీ 15,000 చేరితే 73,400. అటువైపు నగదు 35,500, భూపాలపల్లి బాకీ 18,000, సరుకు 8,000, ఫర్నిచర్ 11,900, అదీ 73,400.

ఇదే లెక్కతో తప్పుల సవరణ ప్రశ్న కూడా తయారవుతుంది, కానీ క్రమం తప్పకూడదు. ముందు పుస్తకాలు సరిగ్గా ఉండాలి, ఆ తరవాతే కావాలని తప్పు నాటాలి. అద్దె ఖాతాలో 4,000ను క్రెడిట్ వైపు రాశామనుకోండి. డెబిట్ 1,12,000కు తగ్గి, క్రెడిట్ 1,20,000కు పెరుగుతుంది. తేడా 4,000 కాదు, 8,000. అది అనామతు ఖాతా డెబిట్‌లో నిలుస్తుంది. ఫర్నిచర్‌ను కొనుగోళ్ల ఖాతాకు డెబిట్ చేయడం మాత్రం ఇంకో జాతి తప్పు. అంకణా చెదరదు, అనామతుకు పనిలేదు, స్థూల లాభం మాత్రం 12,000 తగ్గుతుంది. ఈ రెండు రకాలూ ప్రశ్నలో ఉంటేనే విద్యార్థికి తేడా తెలిసిందో లేదో బయటపడుతుంది.

ఇక్కడ ప్రశ్న రాసేవారు పడే గొయ్యి ఒకటుంది. అద్దె తప్పుకు తోడు భూపాలపల్లి ఖాతాలో 18,000 బదులు 26,000 డెబిట్ చేశామని రాస్తే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంకణా రెండు వైపులా 1,20,000 అవుతుంది. అనామతు ఖాతాలో తెచ్చిన నిల్వే ఉండదు. ప్రశ్న పైన మాత్రం ‘తేడాను అనామతు ఖాతాలో ఉంచారు’ అని రాసి ఉంటుంది. నాటిన తప్పులన్నిటి తేడాలనూ కూడి చూసుకుంటే ఇది ముందే దొరుకుతుంది.

కాబట్టి లెక్చరర్లు, ట్యూషన్ మాస్టార్లు పాటించదగ్గ నియమం ఒక్కటే. ప్రశ్న పేపరుతో పాటు చిట్టా నుంచి ఆస్తి అప్పుల పట్టీదాకా పూర్తి జవాబు చేతిలో లేకుండా లెక్కను తరగతిలోకి తీసుకెళ్లకండి. ఆ జవాబును ప్రశ్న రాసినవారు కాకుండా మరొకరు, షీటు చూడకుండా, చేత్తో ఒకసారి కట్టి చూడాలి. వాళ్లకు కలవని లెక్క పిల్లలకూ కలవదు.