లక్ష ఏళ్లు, ఎనిమిది నిమిషాలు

సూర్యుడి ఉపరితలం వదిలిన కాంతి 8 నిమిషాల 20 సెకన్లలో మనల్ని చేరుతుంది. ఆ కాంతికి మూలమైన శక్తి మాత్రం సూర్యగర్భంలో ఎప్పుడో పుట్టింది. కోటిన్నర డిగ్రీల వేడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారేటప్పుడు అది గామా కిరణాల రూపంలో వెలువడుతుంది.

అడ్డేమీ లేకపోతే అది రెండు సెకన్లకు కాస్త ఎక్కువ సమయంలో బయటపడేది. కానీ అక్కడి పదార్థం నీటికి 150 రెట్లు సాంద్రమైనది. కాంతి కణం సగటున మిల్లీమీటరు దూరం పోయేసరికి ఏదో ఒక ఎలక్ట్రానో అయానో తగులుతుంది. తగిలాక ఎటు మళ్లుతుందో చెప్పలేం. ముందుకు పోవచ్చు, వెనక్కీ రావచ్చు.

ఇలా దిక్కు లేకుండా నడిచేవాడు పది అడుగుల దూరం చేరాలంటే సగటున వంద అడుగులు వేయాలి. వంద అడుగుల దూరమైతే పదివేలు. ఈ లెక్కను సూర్యుడికి వర్తింపజేద్దాం. కేంద్రం నుంచి సుమారు 5 లక్షల కిలోమీటర్ల వరకు శక్తి కాంతి రూపంలోనే కదులుతుంది. ఆ దూరంలో 50 వేల కోట్ల మిల్లీమీటర్లున్నాయి. నేరుగా పోతే పట్టే 1.7 సెకన్లను అన్ని రెట్లు చేస్తే దాదాపు 27 వేల ఏళ్లు వస్తుంది.

ఇది మోటు లెక్క. మిల్లీమీటరును సగం చేస్తే కాలం రెట్టింపవుతుంది. లోతును బట్టి మారే సాంద్రతను, మూడు దిక్కుల చలనాన్ని లెక్కలోకి తీసుకుని 1992లో మిటాలస్, సిల్స్ అనే శాస్త్రజ్ఞులు 1,70,000 ఏళ్లని తేల్చారు.

దారి పొడవునా ఒకే కిరణం ప్రయాణించదు. పీల్చుకోవడం, మళ్లీ వెలువడడం జరుగుతున్నకొద్దీ, చల్లటి పై పొరలకు చేరుతున్నకొద్దీ గామా కిరణం శక్తి చిన్న చిన్న భాగాలుగా విడిపోతుంది. ఒక్క గామా కిరణం చివరికి లక్షల కాంతి కణాలవుతుంది. బయటి 2 లక్షల కిలోమీటర్లలో మాత్రం ఎసరు తెర్లినట్టు వేడి వాయువే పైకి పొంగి శక్తిని మోస్తుంది. ఈ చివరి మజిలీకి నెలల కాలం చాలు.

మరి గర్భంలో ఇప్పుడు ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? అదే కలయికలో పుట్టే న్యూట్రినోలు దేన్నీ దాదాపు తాకకుండా రెండు సెకన్లలో బయటపడి, ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి వస్తాయి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద నెలకొల్పిన బొరెక్సినో పరికరం, రెండు ప్రోటాన్లు కలిసే తొలిమెట్టులో పుట్టే న్యూట్రినోలను పట్టుకుంది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వాటి నుంచి లెక్కకట్టిన నేటి శక్తి ఉత్పత్తి, ఎండ రూపంలో మనం కొలిచే పాతకాలపు శక్తితో కొలతల లోపపరిమితిలోనే సరిపోయింది. అంటే లక్ష ఏళ్ల కిందటి సూర్యగర్భానికీ ఇప్పటి సూర్యగర్భానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.